వానాకాలం, అద్దె ఫ్లాటు, గోడ చెమ్మ - 2వ పాఠం: బాత్రూమ్ పక్క గోడ

కిటికీ దగ్గర, సన్‌షేడ్ కింద చెమ్మ ఎలా దిగుతుందో పోయిన పాఠంలో చూశాం. ఈసారి బాత్రూమ్‌ను ఆనుకున్న బెడ్‌రూమ్ గోడ సంగతి. ఇక్కడ చెమ్మ వస్తే చాలామంది వాన మీదే నెపం వేస్తారు. వానలు తగ్గితే అదే పోతుందని ఓనరు, పెయింట్ వేయిస్తే సరిపోతుందని అద్దెకున్నవాళ్లు అనుకుంటారు. నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో తేలకుండా ఖర్చు ఎవరిదో తేలదు. అందుకే ముందు పరీక్షలు, ఆ తర్వాతే మాటలు.

రెండో అంతస్తు ఫ్లాటు ఒకటి అనుకుందాం. బెడ్‌రూమ్ గోడకు స్కర్టింగ్ పైన అడుగున్నర ఎత్తు వరకు పెయింట్ ఉబ్బింది. గోటితో గీకితే తెల్లటి పొడి రాలుతోంది, బీరువా వెనక నల్లటి చుక్కలున్నాయి. తెల్లపొడి మీద నీళ్లు చిలకరించండి. కరిగిపోతే అది గోడలోంచి చెమ్మ మోసుకొచ్చిన ఉప్పు. కరగకుండా నల్లగా, పచ్చగా అంటుకుని ముక్కిన వాసన కొడుతుంటే బూజు. ఆ గోడలో స్విచ్‌బోర్డు ఉంటే దాని ఎంసీబీ ఆపేసి ఎలక్ట్రీషియన్‌కు చూపించాకే ముందుకు వెళ్లండి.

చెమ్మ అంచు చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి, పక్కనే తేదీ వేసి ఫోటో తీయండి. అంచు దగ్గర గోడను పొడిగా తుడిచి, అడుగు చదరం అల్యూమినియం ఫాయిల్‌ను నాలుగు వైపులా టేపుతో గాలి చొరబడకుండా అంటించండి. రెండు రోజుల తర్వాత తీసి చూడండి. గది వైపు ముఖం చెమర్చి, వెనక పొడిగా ఉంటే అది గదిలోని తేమే. తడిబట్టలు లోపల ఆరేయడం, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయకపోవడం, బీరువాను గోడకు ఆనించడం లాంటివి కారణాలు. వీటిని సరిచేసుకోవాల్సింది అద్దెకున్నవాళ్లే. వెనక ముఖం తడిస్తే నీళ్లు గోడలోంచి వస్తున్నట్టు.

మన ఫ్లాటులో వెనకే తడిసిందనుకుందాం. ఇప్పుడు బాత్రూమ్ పరీక్ష. కింది ఫ్లాటువాళ్లకు ముందే చెప్పండి, వాళ్ల సీలింగ్‌లో తడి కనిపించినా అదీ ఒక సాక్ష్యమే. తడిగుడ్డను ప్లాస్టిక్ సంచిలో చుట్టి, నేల మీది నీళ్లు బయటికి పోయే నాని ట్రాప్‌లో బిగించండి. నేల మీద అంగుళం లోతు నీళ్లు నింపి, నీటిమట్టం దగ్గర టైలు మీద మార్కర్ గీత పెట్టి 24 గంటలు వదిలేయండి. మట్టం కొంచెం తగ్గితే ఆవిరైందనుకోవచ్చు. బాగా దిగిపోతే నేల నుంచే దిగుతోంది, దాంతోపాటు బెడ్‌రూమ్‌లో చెమ్మ పెన్సిల్ గీత దాటితే ఇంకా ఖాయం. గుడ్డ సరిగా బిగియక నీళ్లు ట్రాప్‌లోకే జారిపోయినా మట్టం పడిపోతుంది, అది చూసి మోసపోవద్దు. మట్టం నిలిచి, చెమ్మ మాత్రం పెరుగుతుంటే గోడలోని పైపును అనుమానించాలి. అప్పుడు ప్లంబర్‌తో ప్రెషర్ టెస్ట్ చేయించాలి.

నేలే కారణమైతే, ముందు టైల్స్ సందులు, నాని ట్రాప్ అంచు చూడండి. పాత సిమెంట్ గ్రౌట్ అక్కడక్కడా రాలి ఉంటుంది. దాన్ని గీకి తీసి, రెండు రోజులు నేల ఆరనిచ్చి, ఎపాక్సీ గ్రౌట్ నింపించాలి. అది గట్టిపడేదాకా, కనీసం ఒక రోజు, నీళ్లు పోయకూడదు. తడి సందులో నింపితే పట్టు దొరకక కొన్నాళ్లకే ఊడొస్తుంది. ఇంత చేసినా అదే పరీక్షలో మట్టం పడిపోతుంటే టైల్స్ కింది వాటర్‌ప్రూఫింగ్ పోయినట్టే. టైల్స్ తీయక తప్పదు.

ఈ రెండూ ఓనరు పెట్టుకోవాల్సిన ఖర్చులని గట్టిగా అడగండి. అయితే ముందు మీ అగ్రిమెంట్ చదవండి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ (ఎఫ్) క్లాజు ప్రకారం, ఓనరు చేయించాల్సిన రిపేరును నోటీసు ఇచ్చాక కూడా తగిన సమయంలో చేయించకపోతే, అద్దెకున్నవారే చేయించి ఆ ఖర్చును అద్దెలో మినహాయించుకోవచ్చు. అగ్రిమెంట్‌లో వేరేలా రాసుకోకపోతేనే ఇది వర్తిస్తుంది. నోటీసు లేకుండా అద్దె కోసేస్తే బాకీ పడ్డట్టే లెక్క కడతారు. అందుకే ఫోన్లో చెప్పి ఊరుకోకుండా ఇలా రాసి పంపండి:

“సార్, బెడ్‌రూమ్ గోడ చెమ్మ ఫోటోలు తేదీలతో పంపుతున్నాను. బాత్రూమ్‌లో నీళ్లు నిలబెట్టి చూస్తే 24 గంటల్లో మట్టం సగానికి పడిపోయింది. 15 రోజుల్లోగా గ్రౌటింగ్ చేయించండి. ప్లంబర్ వచ్చే రోజు ముందే చెబితే ఇంట్లో ఉంటాను.”

నీళ్లు ఆగాకే గోడ పని. ఉబ్బిన పుట్టీ గీకేయండి. బూజుకు మాస్కు, గ్లౌజులు వేసుకుని, కిటికీలు తెరిచి, ముందు సబ్బునీళ్లతో తుడవండి. తర్వాత 16 వంతుల నీళ్లకు ఒక వంతు ద్రవ బ్లీచ్ కలిపి పూయండి. అందులో టాయిలెట్ క్లీనర్ కానీ యాసిడ్ కానీ కలపకూడదు, విషవాయువు వస్తుంది. పెయింట్‌కు తొందరపడొద్దు. వానాకాలంలో ఇటుక గోడ ఆరడానికి వారాలు పడుతుంది. మళ్లీ ఫాయిల్ అంటించి, వెనక ముఖం పొడిగా వచ్చిన రోజే పుట్టీ పట్టించండి.

తర్వాతి పాఠం: పై ఫ్లాటు నుంచి సీలింగ్‌లోకి దిగే నీళ్లు, అసోసియేషన్‌తో వ్యవహారం.