బంగారం రేటు చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: యుద్ధం ఆగలేదు, మరి బంగారం ఎందుకు పడింది?

పోయిన పాఠంలో ఔన్సు అంటే 31.1035 గ్రాములనీ, లండన్‌లో, న్యూయార్క్‌లో డాలర్లలో తేలే ధర మన ఊరి షాపు బోర్డు మీదికి ఎలా వస్తుందనీ చూశాం. ఆ లెక్క మళ్లీ కావాలి, నోట్సు పక్కన పెట్టుకోండి.

క్లాసులో ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అడిగే ప్రశ్నతో మొదలుపెడతాను. "సార్, యుద్ధం వస్తే బంగారం పెరుగుతుందంటారు కదా, 2022లో ఉక్రెయిన్ యుద్ధం జరుగుతూనే ఉంది, అయినా అదే ఏడాది బంగారం అంత పడిందేంటి?" నిజంగా మంచి ప్రశ్న. దీనికి "మార్కెట్ అంతే" అని చెప్పి వదిలేసేవాళ్లంటే నాకు కోపం. కారణం ఉంది, కాగితం మీద లెక్క వేసి చూపించగలం కూడా.

ముందు జరిగింది చూద్దాం. 2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్‌లోకి వెళ్లింది. ఆ రోజు ఔన్సు బంగారం 1,970 డాలర్లు దాటి, రాత్రికి మళ్లీ 1,900 దగ్గరకి జారింది. యుద్ధం మొదలైన రోజే! ఎందుకంటే ఆ నెలంతా సరిహద్దులో సైన్యం పోగవుతున్న వార్తలు వస్తూనే ఉన్నాయి, నెల మొదట్లో 1,800 దగ్గరున్న ధర ఆ భయంతో అప్పటికే పైకెక్కింది. ముందే కొన్నవాళ్లు అసలు వార్త రాగానే లాభం తీసుకున్నారు. తర్వాత మళ్లీ పెరిగి మార్చి 8న 2,050 దాటింది. అక్కడి నుంచి దిగుతూ దిగుతూ నవంబర్ మొదటివారానికి 1,630కి వచ్చింది. ఈలోగా యుద్ధం ఆగలేదు. పైగా జూన్ నెలకి అమెరికాలో ద్రవ్యోల్బణం 9.1 శాతం, నలభై ఏళ్లలో అంత ఎప్పుడూ లేదు. యుద్ధం, ధరల పెరుగుదల, రెండూ బంగారానికి మంచివని అందరూ చెప్పే వార్తలే. అయినా 20 శాతం పడింది.

ఇక్కడ అర్థం చేసుకోవాల్సింది ఒకటే. బంగారం వడ్డీ ఇవ్వదు. బీరువాలో పదేళ్లు పెట్టినా పది గ్రాములు పది గ్రాములే. కాబట్టి పెద్ద పెద్ద ఫండ్లు నడిపేవాళ్లు దాన్ని వార్తతో పోల్చి చూడరు, వడ్డీ ఇచ్చే ఇంకో చోటుతో పోల్చి చూస్తారు. అమెరికా ప్రభుత్వం ఒక రకం బాండ్లు అమ్ముతుంది, వాటిలో అసలు ద్రవ్యోల్బణంతో పాటు పెరుగుతుంది, దాని పైన వచ్చేదే నిజమైన వడ్డీ. 2022 మార్చి మొదట్లో పదేళ్ల బాండు మీద ఆ నిజ వడ్డీ సుమారు మైనస్ 1 శాతం. అంటే అక్కడ డబ్బు పెడితే ఏటా కొనుగోలు శక్తిలో ఒక శాతం పోతుంది. అలాంటప్పుడు సున్నా ఇచ్చే బంగారమే నయం. ఆ తర్వాత అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ మార్చి 16న వడ్డీ పెంచడం మొదలుపెట్టి, సున్నా దగ్గరున్న రేటును నవంబర్ 2కల్లా 3.75–4 శాతం పరిధికి తీసుకెళ్లింది. నిజ వడ్డీ మైనస్ 1 నుంచి ఒకటిన్నర శాతం పైకి వచ్చింది. బంగారం మారలేదు, పక్కనున్న బాండు మారింది.

ఇప్పుడు 9.1 శాతం వార్తను మళ్లీ చదవండి. ధరలు పెరుగుతున్నాయన్నది అందులో సగం మాత్రమే, "కాబట్టి ఫెడ్ ఇంకా గట్టిగా వడ్డీ పెంచుతుంది" అన్నది రెండో సగం. ఆ ఏడాది మార్కెట్ రెండో సగాన్నే విన్నది. అదే వార్త, వడ్డీ పెంచే ఉద్దేశం లేని కేంద్ర బ్యాంకు ఉన్న కాలంలో వచ్చి ఉంటే బంగారం పెరిగేది. అందుకే హెడ్‌లైన్ చూడగానే "బంగారానికి మంచిదా చెడ్డదా" అని అడగకండి, "దీనివల్ల నిజ వడ్డీ ఎటు పోతుంది, డాలర్ ఎటు పోతుంది" అని అడగండి.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. మార్చి 8న ఔన్సు 2,050, డాలర్ 77 రూపాయలు, దిగుమతి సుంకం అన్నీ కలిపి 10.75 శాతం. 2,050ని 31.1035తో భాగించి పదితో గుణిస్తే పది గ్రాములకి 659 డాలర్లు. 77తో గుణిస్తే సుమారు 50,750. సుంకం కలిపితే 56,200 రూపాయలు. జీఎస్టీ ఇందులో లేదు, దాన్ని రెండు వైపులా వదిలేస్తున్నాం.

నవంబర్ మొదట్లో ఔన్సు 1,630, అంటే పది గ్రాములకి 524 డాలర్లు. రూపాయి, సుంకం మార్చిలో ఉన్నట్టే ఉంటే 44,700 అయ్యేది. కానీ డాలర్ 82.80కి చేరింది, దాంతో 48,050. జులైలో ప్రభుత్వం సుంకాన్ని 15 శాతం చేసింది, దాంతో 49,900. చూశారా, ప్రపంచంలో 20 శాతం పడిన బంగారం మన దగ్గర 11 శాతమే తగ్గింది. మిగతా దెబ్బను రూపాయి పతనం, సుంకం కలిసి మింగేశాయి. "అంతర్జాతీయంగా కుప్పకూలిన పసిడి" అని టీవీలో చూసి షాపుకి పరుగెత్తినవాళ్లకి అక్కడ ఆ ధర కనపడకపోవడానికి కారణం ఇదే, షాపువాడు మోసం చేసినట్టు కాదు. (మీరు వేసిన అంకె షాపు బోర్డుతో అచ్చం కలవదు, కొన్నిసార్లు డీలర్లు గిరాకీ లేక డిస్కౌంట్‌కి అమ్ముతారు, కొన్నిసార్లు ఎక్కువ తీసుకుంటారు. వెయ్యి రూపాయల తేడా వస్తే కంగారు పడొద్దు, ఐదారు వేలు వస్తే మాత్రం రూపాయి రేటో సుంకమో తప్పు వేశారన్నమాట.)

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి, లేకపోతే ఈ పాఠం మిమ్మల్ని తప్పుదోవ పట్టిస్తుంది. నిజ వడ్డీ పెరిగితే బంగారం పడుతుందన్నది కూడా శాశ్వత సూత్రం కాదు. 2024లో నిజ వడ్డీ 2 శాతం దగ్గరే ఉంది, బంగారం మాత్రం రికార్డుల మీద రికార్డులు కొట్టింది. దీనికి ఒక పెద్ద కారణం మళ్లీ ఆ 2022 యుద్ధం దగ్గరికే తీసుకెళ్తుంది. దాడి జరిగిన కొద్ది రోజులకే పాశ్చాత్య దేశాలు రష్యా కేంద్ర బ్యాంకుకి చెందిన సుమారు 300 బిలియన్ డాలర్ల నిల్వలను స్తంభింపజేశాయి. డాలర్లూ యూరోలూ ఇలా ఒక్క ఉత్తర్వుతో ఆగిపోగలవని మిగతా దేశాలు చూశాయి. సొంత ఖజానాలో ఉన్న బంగారాన్ని ఎవరూ అలా ఆపలేరు. 2022లో కేంద్ర బ్యాంకులన్నీ కలిపి వెయ్యి టన్నులకు పైగా కొన్నాయి, ఆ తర్వాతి రెండేళ్లూ అదే జోరు. ఈ కొనుగోలుదారులు వడ్డీ లెక్క చూసి కొనేవాళ్లు కాదు, తగ్గినప్పుడల్లా కొంటూ పోతారు. కాబట్టి యుద్ధం బంగారాన్ని పెంచలేదనడం కూడా పూర్తిగా సరికాదు. హెడ్‌లైన్ వచ్చిన రోజున కాకుండా, వేరే దారిలో, నెలల తరబడి నెమ్మదిగా పని చేసింది. ఆ రోజు హెడ్‌లైన్ చూసి మార్చి 8న కొన్నవాడికి మాత్రం నవంబర్ దాకా నష్టమే.

ఈ వారం పని: 2024 జులై 23న బడ్జెట్‌లో సుంకాన్ని 15 నుంచి 6 శాతానికి తగ్గించారు. ఆ రోజు ప్రపంచ ధర, రూపాయి పెద్దగా కదల్లేదనుకుని మన ధర ఎంత శాతం పడాలో పైన చేసినట్టే లెక్క వేయండి. మీకు 8 శాతానికి కొంచెం తక్కువ వస్తే సరిగ్గా చేసినట్టే. కానీ ఆ రోజు మన దేశంలోని సరుకుల ఎక్స్ఛేంజ్ ఎంసీఎక్స్‌లో పడింది 5 శాతానికి పైగా, అంటే లెక్క చెప్పినంత పడలేదు. అంతకుముందు వారాల్లో డీలర్లు డిస్కౌంట్‌కి అమ్మారా లేదా అని పాత పేపర్లలో వెతికి, ఆ తేడా ఎక్కడికి పోయిందో నాలుగు వాక్యాల్లో రాసుకుని రండి. 5వ పాఠం ఆ తేడా దగ్గర నుంచే మొదలుపెడతాం.