సెలవు చీటీ పంపే ముందు ఎలా సరిదిద్దుకోవాలి?

సెలవు చీటీ చదివే అధికారికి తెలియవలసినవి నాలుగే: ఏ తేదీ నుండి ఏ తేదీ వరకు సెలవు కావాలి, అది ఏ రకం సెలవు, ఎందుకు కావాలి, ఆ రోజుల్లో ఆ సీటు పని ఎవరు చూస్తారు. వీటిలో ఒక్కటి తప్పిపోయినా చీటీ మంజూరు కాకుండా, సంజాయిషీ కోసం తిరిగి సీటుకు వస్తుంది. అధికారి మరో ప్రశ్న అడగనవసరం లేకుండా సంతకం చేయగలిగితేనే అది మంచి చీటీ అని నా అభిప్రాయం. కింది సూచనలను ఒంగోలులోని ఒక ప్రభుత్వ కార్యాలయంలో పనిచేసే జూనియర్ అసిస్టెంటును ఉదాహరణగా తీసుకుని రాస్తున్నాను. ఆయన స్వగ్రామం కావలి దగ్గర; తల్లిగారికి నెల్లూరులో కంటి ఆపరేషన్ నిర్ణయమైంది. ఆయన మొదట రాసిన చీటీ ఇలా ఉంది అనుకుందాం.

విషయం: సెలవు గురించి.
గౌరవనీయులైన పరిపాలనాధికారి గారి దివ్య సముఖమునకు విన్నవించుకొనునది ఏమనగా, మా అమ్మగారికి ఆరోగ్యం సరిగా లేనందున, ఊరికి తప్పనిసరిగా వెళ్లవలసి వచ్చినందున, రేపటి నుండి మూడు రోజులు సెలవు తీసుకొనుచున్నాను. కావున తమరు దయతలచి, నాయందు కరుణ ఉంచి, సెలవు మంజూరు చేయవలసినదిగా ప్రార్థించుచున్నాను.

ఇందులో మర్యాదకు లోటు లేదు. అయినా దీన్ని పట్టుకుని హాజరు పట్టీలో ఏ గడిలో సీఎల్, అంటే క్యాజువల్ లీవు, అని రాయాలో చూసేవారికి తెలియదు. సరిదిద్దడానికి చీటీని మూడుసార్లు చదవాలి. ఒక్కో చదువులో ఒక్క విషయాన్నే వెతకాలి, ఎందుకంటే అన్నిటినీ ఒకేసారి చూసేవారి కన్ను మాటల మీదికి పోయి తేదీలను వదిలేస్తుంది.

మొదటి చదువు: తేదీలు

పెన్సిల్ తీసుకుని చీటీలోని ప్రతి కాలసూచన కింద గీత గీయండి. పై చీటీలో దొరికేవి రెండే: ‘రేపటి నుండి’, ‘మూడు రోజులు’. చీటీ మీద రాసిన తేదీ లేదు కాబట్టి ‘రేపు’ ఏ రోజో తేలదు. చీటీ సూపరింటెండెంటు బల్ల మీద ఒక రోజు ఆగితే ఆ మాటకు అర్థమే మారిపోతుంది. ‘రేపు’, ‘ఎల్లుండి’, ‘వచ్చే వారం’ అనే మాటలను కొట్టివేసి తేదీని, వారాన్ని రెండింటినీ రాయండి. వారం రాయడం అదనపు శ్రమ కాదు. తేదీ ఒకటి పొరపాటున పడితే వారం దాన్ని పట్టిస్తుంది.

తరువాత క్యాలెండరు పక్కన పెట్టుకుని సెలవుకు ముందు వెనుకల వచ్చే సాధారణ సెలవు దినాలను చూడండి. మన ఉదాహరణలో ఆపరేషన్ 2026 ఫిబ్రవరి 12, గురువారం. ఆయనకు కావలసినవి 11 బుధవారం, 12 గురువారం, 13 శుక్రవారం. ఆ వెంటనే 14 రెండో శనివారం, 15 ఆదివారం కావడంతో ఆయన మళ్లీ సీటులో కూర్చునేది 16వ తేదీ సోమవారం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వోద్యోగికి ఏడాదికి 15 క్యాజువల్ లీవులు ఉంటాయి. కలుపుకున్న సెలవు దినాలు ఆ లెక్కలో పోవు, కానీ అన్నీ కలిపి ఒకేసారి గైర్హాజరు 10 రోజులు దాటకూడదు. ఇక్కడ పోయేవి మూడు సీఎల్‌లు, మొత్తం గైర్హాజరు ఐదు రోజులు. కాబట్టి నిబంధనకు లోబడే ఉంది. అయితే శని, ఆదివారాలను కలుపుకోవడానికి అనుమతి కోరుతున్నట్టు చీటీలో రాయాలి. ఊరు దాటి వెళుతున్నారు కనుక హెడ్‌క్వార్టర్స్, అంటే ఉద్యోగం చేసే ఊరు, విడిచి వెళ్లే అనుమతిని కూడా అడగాలి. దీన్ని మరిచేవారు చాలామంది. కావలి నుండి రోజూ రైల్లో ఒంగోలు వచ్చి పోయేవారికి ఊరు దాటడం అలవాటైపోయి అనుమతి సంగతి గుర్తుకే రాదు. సెలవు రోజుల్లో అత్యవసరంగా పిలిచినప్పుడే ఆ లోపం బయటపడుతుంది.

ఈ చదువు ముగిసేసరికి చీటీలో నాలుగు తేదీలు కనిపించాలి: చీటీ రాసిన తేదీ, సెలవు మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ, విధుల్లో చేరే తేదీ. మొదటి తేదీ నుండి చివరి తేదీ వరకు వేళ్ల మీద లెక్కపెట్టండి. 11 నుండి 13 వరకు అన్నప్పుడు 13లోంచి 11 తీసివేసి రెండు రోజులని రాసేవారు ఉన్నారు. మొదటి రోజు కూడా సెలవే కనుక అది మూడు రోజులు.

రెండో చదువు: కారణం

కారణం రాయడంలో రెండు రకాల లోపాలు ఉంటాయి. ‘వ్యక్తిగత పని’, ‘ఊరికి వెళ్లవలసి ఉంది’, ‘ఆరోగ్యం బాగాలేదు’ అని ముక్తసరిగా రాయడం ఒకటి. జబ్బు ఎప్పుడు మొదలైంది, ఎవరు చూశారు, ఏ మందులు వాడారు, అన్న ఎందుకు రాలేకపోతున్నాడు అని ఇంటి కథంతా చెప్పడం రెండోది. మొదటిది అనుమానానికి చోటిస్తుంది, రెండోది అసలు అభ్యర్థనను మరుగున పడేస్తుంది. ఎంత రాయాలో తేల్చుకోవడానికి ఒక కొలత ఉంది: అడిగిన ప్రతి రోజుకూ కారణంలో ఆధారం ఉందా అని చూడండి.

ఆపరేషన్ 12న అని మాత్రమే రాస్తే 11, 13 తేదీలు ఎందుకన్న ప్రశ్న వస్తుంది. ముందు రోజు రక్తపోటు, షుగరు పరీక్షలు చేయించాలి. మరునాడు కన్ను ఎలా ఉందో డాక్టరు చూడాలి. ఈ రెండు ముక్కలు చేర్చగానే మూడు రోజులూ నిలబడతాయి. ఇంతకు మించి అక్కర్లేదు. అలా చూసినప్పుడు ఏదైనా రోజుకు ఆధారం దొరకకపోతే, కారణాన్ని సాగదీయకుండా ఆ రోజును తగ్గించుకోవడమే నిజాయితీ.

సొంత అనారోగ్యమైతే చీటీని డాక్టరు సర్టిఫికెట్ పక్కన పెట్టి చదవండి. సర్టిఫికెట్‌లో ఐదు రోజుల విశ్రాంతి అని ఉండి చీటీలో ఏడు రోజులు అడిగితే రెండూ చెల్లకుండా పోయే ప్రమాదం ఉంది. పైగా మెడికల్ సర్టిఫికెట్ మీద, పూర్తి జీతం వచ్చే కమ్యూటెడ్ లీవు తీసుకుంటే అర్ధవేతన సెలవు ఖాతాలో దానికి రెట్టింపు రోజులు తగ్గుతాయి. అందుచేత ఉత్త ‘సెలవు’ అని వదిలేయకుండా, ఏ రకం సెలవు కావాలో పేరుతో సహా విషయం పంక్తిలోనే రాయండి.

హఠాత్తుగా జ్వరం వచ్చి ముందుగా రాయలేకపోతే, ఉదయమే ఫోన్ చేసో, వాట్సాప్‌లోనో తెలిపి, చీటీని తరువాత ఇవ్వవచ్చు. కానీ ఆ చీటీ మీద వెనకటి తేదీ వేయకండి. రాసిన రోజు తేదీనే వేసి, ఫలానా ఉదయం ఫోన్‌లో తెలియజేశానని ఒక వాక్యం చేర్చితే సరిపోతుంది. తపాలు రిజిస్టరులో ఎక్కిన తేదీ ఒకటి, చీటీ మీద తేదీ మరొకటి ఉంటే ఉన్న నిజం మీద కూడా సందేహం పడుతుంది.

మూడో చదువు: అడిగే తీరు, పని అప్పగింత

ఇప్పుడు క్రియాపదాలు మాత్రమే చూడండి. పై చీటీలో ‘తీసుకొనుచున్నాను’ అని ఒకచోట, ‘ప్రార్థించుచున్నాను’ అని మరోచోట ఉంది. మొదటిది నిర్ణయం చెప్పినట్టుంది, రెండోది మొక్కుకున్నట్టుంది. మంజూరు చేసే అధికారం వారిది, సెలవు కోరే అర్హత మీది. ఈ రెండింటినీ కాపాడే మాట ‘మంజూరు చేయవలసిందిగా కోరుతున్నాను’. ‘దివ్య సముఖమునకు’, ‘కరుణ ఉంచి’ వంటివి తీసేస్తే గౌరవం తగ్గదు. ‘గారు’, ‘ఆర్యా’, ‘తమ విధేయుడు’ ఆ పని చేస్తున్నాయి. ‘లేనందున, వచ్చినందున’ అని కారణం మీద కారణం గొలుసుగా వస్తే వాక్యాన్ని రెండుగా విరవండి.

చివరిగా పని. మీ సీటులో ఆ రోజుల్లో రావలసినవేమిటో చూసి, వాటిని ఎవరికి, ఎప్పుడు అప్పగిస్తారో రాయండి. ఎవరిని అనుకుంటున్నారో వారిని అడిగాకే రాయాలి. తన పేరు చీటీలో ఉందని సహోద్యోగికి అధికారి నోట తెలియడం మంచిది కాదు. సోమవారాల్లో కలెక్టరేట్లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక జరుగుతుంది కనుక, అర్జీల పని చూసేవారు సోమవారానికి తిరిగి వస్తున్నారా లేదా అన్నది అధికారి మొదట వెతికే విషయం.

మూడు చదువులూ అయ్యాక ఆ చీటీ ఇలా మారింది.

ఒంగోలు, 06-02-2026.
పరిపాలనాధికారి గారికి,
ద్వారా: సెక్షన్ సూపరింటెండెంటు గారు.

విషయం: 11-02-2026 నుండి 13-02-2026 వరకు మూడు రోజుల క్యాజువల్ లీవు, హెడ్‌క్వార్టర్స్ విడిచి వెళ్లుటకు అనుమతి కోరుట గురించి.

ఆర్యా,
మా తల్లిగారి ఎడమ కంటికి ఫిబ్రవరి 12, గురువారం నాడు నెల్లూరులో శుక్లం ఆపరేషన్ చేయనున్నారు. 11న జరిగే పరీక్షలకు, 13న డాక్టరు చూసే తనిఖీకి ఆమెను నేనే తీసుకువెళ్లవలసి ఉంది. అందుచేత ఈ మూడు రోజులకు క్యాజువల్ లీవు మంజూరు చేయవలసిందిగా, 14 రెండో శనివారాన్ని, 15 ఆదివారాన్ని దానికి కలుపుకొనుటకు, 10వ తేదీ కార్యాలయ వేళల అనంతరం నుండి 16వ తేదీ ఉదయం వరకు హెడ్‌క్వార్టర్స్ విడిచి ఉండుటకు అనుమతించవలసిందిగా కోరుతున్నాను.
నా వద్దనున్న తపాలు రిజిస్టరును, పెండింగు అర్జీల జాబితాను 10వ తేదీ సాయంత్రం పక్క సీటు జూనియర్ అసిస్టెంటు గారికి అప్పగిస్తాను. ఇందుకు వారు అంగీకరించారు. 16-02-2026, సోమవారం ఉదయం విధులకు హాజరవుతాను.

ఇట్లు, తమ విధేయుడు,
సంతకం, పేరు, హోదా, ఫోన్ నంబరు.
జత: ఆపరేషన్ తేదీ రాసిన ఆసుపత్రి చీటీ నకలు.

ప్రైవేటు సంస్థలో పనిచేసేవారు హెడ్‌క్వార్టర్స్ మాటను వదిలి, తమ సంస్థ నియమాల్లో ఆ సెలవుకు ఉన్న పేరును వాడితే మిగిలినదంతా ఇలాగే పనికివస్తుంది. ఈమెయిల్‌లో పంపితే విషయం పంక్తిలో తేదీలు తప్పక ఉండాలి, జత చేస్తానన్న కాగితం నిజంగా జత అయిందో లేదో పంపే ముందు తెరిచి చూడాలి. కాగితం మీద ఇస్తే రెండు ప్రతులు తీసి, ఒకదాని మీద అందినట్టు తేదీతో సంతకం చేయించుకుని మీ దగ్గర ఉంచుకోండి. మంజూరైందని తెలిసేదాకా చీటీ ఇచ్చినంత మాత్రాన సెలవు వచ్చినట్టు కాదు. తల్లిగారికి 16, 17 తేదీల్లో కూడా తోడు అవసరమని 13న డాక్టరు చెబితే, పాత చీటీ తేదీలను దిద్దమని ఫోన్ చేయకుండా, పాత చీటీ తేదీని పేర్కొంటూ పొడిగింపు కోరే కొత్త చీటీని 16వ తేదీ ఉదయంలోపు కార్యాలయానికి చేరేలా పంపండి.