తెలుగు సామెతను ఇంగ్లీషులోకి ఎలా తేవాలి? జోడీ సామెతా, మాటకు మాటా?

తెలుగు కథను ఇంగ్లీషులోకి మార్చేవాళ్లు సామెత ఎదురవగానే రెండిట్లో ఒకటి చేస్తారు. దగ్గరగా ఉందనిపించిన ఇంగ్లీషు సామెత తెచ్చి అక్కడ పెడతారు. లేదా మాటకు మాట దింపి చిన్న వివరణ ఇస్తారు. మొదటిది సులువు కాబట్టి ఎక్కువమంది అదే చేస్తారు. 'ఇంట గెలిచి రచ్చ గెలువు' అన్నచోట 'చారిటీ బిగిన్స్ ఎట్ హోమ్' చూసీ చూసీ విసుగొచ్చి ఇది రాస్తున్నాను.

కావలసినవి

బ్రౌన్ నిఘంటువు ఒకటి. ఒక్కో సామెతను ఏ సందర్భంలో వాడతారో చెప్పే ఇంగ్లీషు సామెతల నిఘంటువు ఒకటి. రోజువారీ మాటల్లో సామెతలు వాడే పెద్దవాళ్లు ఒకరు, ఫోన్లో దొరికితే చాలు. వాట్సాప్‌లో తిరిగే 'తెలుగు సామెతలు, ఇంగ్లీషు సమానార్థాలు' పట్టిక మీ దగ్గరుంటే తీసేయండి.

1. సామెతను పూర్తిగా రాసుకోండి

మనవాళ్లు సగం సామెత అని ఆపేస్తారు. 'తాడిచెట్టు ఎందుకెక్కావురా అంటే...' అనగానే దూడగడ్డి మాట వినేవాడికే తెలిసిపోతుంది. ఇంగ్లీషు పాఠకుడికి తెలియదు, కాబట్టి రెండో సగం మీరే రాయాలి.

2. ఎవరు, ఎవరితో, ఎందుకన్నారో ఒక్క లైనులో రాసుకోండి

దీనికి రెండు నిమిషాలు చాలు. దీన్ని వదిలేస్తే మాత్రం తర్వాతి మెట్టు కుదరదు.

3. జోడీ సామెతను పరీక్షించండి

పని చెడేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చేయండి. రెండు సామెతల సారాంశం ఒకటేనా అని చూస్తే సరిపోదు. సారాంశంగా కుదిస్తే ఏ రెండు సామెతలైనా కలుస్తాయి. ఆ మాట ఎవరికి తగులుతుంది, మెచ్చుకోలా, ఎత్తిపొడుపా, ఓదార్పా? అది చూడండి.

'ఇంట గెలిచి రచ్చ గెలువు'నే తీసుకోండి. రచ్చ అంటే ఊరి పెద్దలు కూర్చుని తగవులు తీర్చే చోటు. ముందు నీ ఇంట్లో నెగ్గి, ఆ తర్వాత నలుగురిలోకి రా అని దాని భావం. ఇంట్లో మాట చెల్లనివాడు బయట పెద్దరికం చేయబోతే అంటారు. 'చారిటీ బిగిన్స్ ఎట్ హోమ్' అంటే ఆదుకోవడం ముందు సొంతవాళ్లతో మొదలవ్వాలని. అందులో గెలుపు లేదు, రచ్చ లేదు, ఎత్తిపొడుపూ లేదు. రెండిట్లోనూ ఇల్లు ఉందని జత కట్టేశారు, అంతే.

'అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు'కి 'రాబింగ్ పీటర్ టు పే పాల్' పెట్టడం ఇంకో అన్యాయం. పీటర్ దగ్గర లాగి పాల్‌కి ఇచ్చేవాడు ఒక బాకీ తీర్చడానికి ఇంకో బాకీ చేస్తున్నాడు, పాపం వాడిది ఇబ్బంది. మన అల్లుడికి ఏ ఇబ్బందీ లేదు. పైసా ఖర్చు లేకుండా దాత అనే పేరు కొట్టేస్తున్నాడు. పైగా 'చేసినట్టు' అని ముగిసే సామెత ఇంకో వాక్యానికి తగులుకుని బతుకుతుంది. ఆ స్థానంలో విడిగా నిలబడే ఇంగ్లీషు వాక్యం దించితే పాత్ర మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగి ఉపన్యాసం మొదలుపెట్టినట్టుంటుంది.

సరిగ్గా కుదిరే జోడీలు లేకపోలేదు. 'ఆడలేక మద్దెల ఓడు'కి 'ఎ బ్యాడ్ వర్క్‌మ్యాన్ బ్లేమ్స్ హిజ్ టూల్స్' అన్ని విధాలా సరిపోతుంది. తగిలేది చేతకానివాడికే, రెండూ ఎత్తిపొడుపులే. 'పొరుగింటి పుల్లకూర రుచి'కి అవతలి గడ్డి పచ్చగా కనబడే సామెత కూడా అంతే. కానీ అదే గడ్డిని 'దూరపు కొండలు నునుపు'కి కూడా పెట్టేస్తారు. కొండల సామెతలో అసూయ లేదు. దగ్గరికెళ్తే రాళ్లూ ముళ్లూ కనిపిస్తాయన్న హెచ్చరిక ఉంది.

పరీక్ష నెగ్గినా ఒకటి చూడాలి. జోడీ సామెతలో ఊరి పేరో మనిషి పేరో ఉంటే వాడకూడదు. 'ఏ ఎండకు ఆ గొడుగు' అన్న కోనసీమ రైతు ఇంగ్లీషులో 'వెన్ ఇన్ రోమ్, డూ యాజ్ ద రోమన్స్ డూ' అంటూ రోమ్ నగరం గురించి మాట్లాడకూడదు. పైగా రోమ్ సామెత మర్యాద తెలిసినవాడి పద్ధతి, గొడుగు సామెత ఎక్కువసార్లు అవకాశవాది మీద విసిరే మాట.

4. కుదరకపోతే మాటకు మాట దించండి

నా లెక్కలో ముందు చేయాల్సింది ఇదే. 1868లో మద్రాసులో సామెతల సంకలనం వేసిన కెప్టెన్ కార్ కూడా సామెత కింద మాటకు మాట అర్థం ఇచ్చి, అవసరమైతే వివరణ, దొరికితే జోడీ సామెత చేర్చాడు. ఆ వరస ఇప్పటికీ సరైనదే.

ఒక ఉదాహరణ చూద్దాం. పక్క పొలంవాడు గట్టు జరుపుతున్నా అన్న నోరెత్తడు. తమ్ముడు కర్ర పట్టుకుని బయల్దేరితే అతని భార్య అడ్డుపడి, "మీ అన్నగారే ఊరుకుంటే మీకెందుకండీ? కందకు లేని దురద కత్తిపీటకెందుకు?" అంటుంది.

పట్టిక దీనికి 'మైండ్ యువర్ ఓన్ బిజినెస్' అంటుంది. అది గదమాయింపు. భర్తను 'అండీ' అంటూ బతిమాలుతున్న మనిషి నోట అది రాదు. నేనైతే ఇలా దించుతాను: 'వెన్ ద యామ్ ఇట్‌సెల్ఫ్ డజంట్ ఇచ్, వై షుడ్ ద బ్లేడ్?' ఇందులో 'ఇట్‌సెల్ఫ్' తీసేయొద్దు, తెలుగు వాక్యంలోని ఒత్తు దానిమీదే నిలబడింది. కత్తిపీటను వర్ణించబోయి వాక్యాన్ని సాగదీయొద్దు. సామెత పొట్టిగా లేకపోతే సామెతలా వినబడదు.

ఇక వివరణ. సామెత నీతి వివరణలో రాయకూడదు, వస్తువు సంగతి మాత్రమే రాయాలి. పచ్చి కంద కోస్తే చేతులు దురదపెడతాయి, దానిలో సూదుల్లాంటి సన్నటి ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి కాబట్టి. కత్తిపీట అంటే కూర్చుని కూరలు తరిగే, పీటకు నిలువుగా బిగించిన కత్తి. ఇంగ్లీషు పాఠకుడికి తెలియనిది ఈ దురద సంగతే. అది తెలిస్తే మిగతాది తనే అల్లుకుంటాడు. 'ఇతరుల విషయాల్లో తలదూర్చరాదని భావం' అని రాశారా, జోక్ చెప్పి అర్థం విప్పినట్టే.

కొన్నిళ్లలో కత్తిపీట బదులు బచ్చలి అంటారు. కంద, బచ్చలి కలిపి వండుతారు కనుక. మూలంలో ఏది ఉంటే దానికే వివరణ ఇవ్వండి, మీ ఇంట్లో వాడేది దూర్చకండి.

వివరణ ఎక్కడ పెట్టాలి? కథలో ఫుట్‌నోట్ వద్దే వద్దు. ముందు వాక్యంలోనే చల్లేయండి. ఆవిడ అప్పుడు కంద తరుగుతూ ఉంటే ఇంకేం కావాలి, చేతులు గోక్కుంటూ అందని మూలంలో ఉండనే ఉంటుంది. లేకపోతే సామెతకు ముందు 'దురద కంద' అన్నట్టు ఒక్క మాట చేర్చండి. పరిశోధన వ్యాసమైతే ఫుట్‌నోట్ పెట్టుకోవచ్చు. సినిమా సబ్‌టైటిల్‌లో రెండు లైన్లకు మించి చోటుండదు, వివరణకు వీల్లేదు. అక్కడ జోడీ కుదిరితే జోడీ, లేకపోతే సామెత వదిలేసి 'అన్నకే పట్టలేదు, నీకెందుకు' అన్న సాదా మాట. తప్పుడు జోడీ మాత్రం అక్కడా వద్దు.

ఒకే పుస్తకంలో ఆ సామెత మళ్లీ వస్తే మాట మార్చకండి. ఇరవై పేజీల తర్వాత తమ్ముడే విసిగిపోయి, "నాకెందుకులే, కందకు లేని దురద..." అని వెనక్కి తగ్గాడనుకోండి. మొదటిసారి 'మైండ్ యువర్ ఓన్ బిజినెస్' పెట్టినవాళ్లు ఇక్కడ ఇరుక్కుంటారు, తనకు తాను ఆ మాట చెప్పుకోడు కదా. కందను కందగానే దించినవాళ్లు సగం వాక్యం రాసి మూడు చుక్కలు పెడితే చాలు.