δ* తేడాగా వస్తోందా? కుమ్మక్కు లెక్కలో తప్పు దొరికే చోట్లు

రెండు కంపెనీలు కుమ్మక్కై ధర పెంచుకుంటాయి, ఒకడు మాట తప్పితే ఆ తర్వాత ఎప్పటికీ పోటీ ధరే. ఈ గ్రిమ్ ట్రిగ్గర్ కథ మీకు తెలుసనే అనుకుంటున్నాను, మళ్లీ మొదటినుంచి చెప్పను. కుమ్మక్కు నిలబడాలంటే డిస్కౌంట్ ఫ్యాక్టర్ δ, అంటే రేపటి రూపాయికి ఈ రోజు కట్టే విలువ, కనీసం ఎంత ఉండాలి అన్నదే లెక్క, ఆ కనీసమే δ*. ఈ లెక్క చేసిన పేపర్లు ఏళ్ల తరబడి దిద్దుతున్నాను. పిల్లలు ఫార్ములా బట్టీ కొట్టి వస్తారు, అందులో వేసే మూడు అంకెల్ని మాత్రం ఒక్కసారి కూడా పక్కపక్కన రాసుకుని చూడరు. అక్కడే నాకు ఓపిక పోతుంది.

```
C = కుమ్మక్కులో ఒక్కో కంపెనీ లాభం
D = మాట తప్పిన రోజు వచ్చే లాభం
N = శిక్ష మొదలయ్యాక లాభం (ఒక్కసారి ఆటలోని నాష్ లాభం)

δ* = (D - C) / (D - N)
```

ఏ లక్షణం కనిపించినా ముందు చేయాల్సిన పని ఒక్కటే. D, C, N అంకెలు రాయండి. D > C > N ఉందా చూడండి. తర్వాత D విలువ కుమ్మక్కులోని వాళ్లందరి మొత్తం లాభాన్ని దాటకుండా ఉందా చూడండి, అంటే రెండు కంపెనీలైతే D ≤ 2C. గుత్తాధిపతి ధర దగ్గర మొత్తం లాభం గరిష్ఠంగా ఉంటుంది. ఒకడు ధర తగ్గిస్తే మొత్తం తగ్గుతుందే తప్ప పెరగదు, అవతలివాడి లాభం సున్నా కంటే కిందికి పోదు, కాబట్టి మాట తప్పినవాడికి ఆ మొత్తం కన్నా ఎక్కువ దక్కే దారే లేదు. ఈ రెండో తనిఖీ అర నిమిషం పని. దాన్ని వదిలేసినవాళ్లే తర్వాత గంటలు పోగొట్టుకుంటారు, ఆ లిస్టులో నేనూ ఉన్నాను.

లక్షణం: δ* ఒకటి దాటింది, లేదా సున్నా దగ్గర కూర్చుంది

D > C > N సరిగ్గా ఉంటే పై ఫార్ములాలో జవాబు ఒకటి దాటడం అసాధ్యం. దాటిందంటే N తప్పుగా కట్టారు, C కన్నా పెద్దదైపోయింది. లేదా ప్రశ్నలో శిక్ష ఎప్పటికీ కాదు, కొన్ని పీరియడ్లే అని ఉంది, మీరు చదవలేదు. అప్పుడు ఈ ఫార్ములా పనికిరాదు. ఒకే రకం సరుకు అమ్ముతూ ధరలతో పోటీపడే ఇద్దరి బెర్ట్రాండ్ ఆటలో T పీరియడ్ల శిక్షకి షరతు δ + δ² + ... + δᵀ ≥ 1. ఒక్క పీరియడ్ శిక్ష అయితే δ ఒకటే కావాలి, అంటే ఆచరణలో కుమ్మక్కు నిలవదు. రెండు పీరియడ్లయితే 0.618. ఎప్పటికీ అయితే మనందరికీ తెలిసిన 0.5.

సున్నా దగ్గరికి వస్తే జబ్బు వేరు. ఒకే రకం సరుకులో ఒక్క పైసా తగ్గిస్తే మార్కెట్ మొత్తం మనదే. ఆ అలవాటుతో కాస్త తేడా ఉన్న సరుకుల్లో కూడా ‘ధర 50 కదా, నేను 49.99 పెడతా’ అంటారు. అక్కడ పైసా తగ్గిస్తే నలుగురు కొత్త కస్టమర్లు వస్తారంతే, D దాదాపు C లాగే ఉంటుంది, δ* సున్నా అవుతుంది. అవతలివాడి ధర 50 దగ్గర కదలకుండా ఉందనుకుని మీ లాభం గరిష్ఠం చేసే ధర కట్టండి. మాట తప్పేవాడు పిసినారిగా ఎందుకు తప్పుతాడు?

లక్షణం: మామూలు బెర్ట్రాండ్‌లో జవాబు సరిపోయింది, వేరే ఆటలో మాత్రం పక్కవాడితో కలవలేదు

శిక్ష రేపటినుంచి మొదలవుతుంది, ఈ రోజునుంచి కాదు. షరతు ఇది:

```
C/(1-δ)  ≥  D + δN/(1-δ)
```

కుడివైపు N ముందున్న δ మర్చిపోతే ఒకే రకం సరుకు లెక్కలో ఏమీ తెలియదు, ఎందుకంటే అక్కడ N సున్నా, సున్నాని దేనితో గుణించినా ఒకటే. తప్పు పద్ధతితో సరైన జవాబు వచ్చేస్తుంది, పిల్లాడు ధైర్యంగా అదే పద్ధతి పట్టుకుని తేడా సరుకుల లెక్కలోకి దిగుతాడు, అక్కడ N సున్నా కాదు కాబట్టి దొరికిపోతాడు. కింద చెప్పబోయే ఉదాహరణలో ఈ ఒక్క δ మర్చిపోతే 0.567 రావాల్సింది 0.643 వస్తుంది.

లక్షణం: సరుకులు ఒకేలా అవుతున్నకొద్దీ δ* ఒకటి వైపు పరిగెడుతోంది

ఇదీ అసలు దొంగ. చాలాకాలం నా నోట్సులోనే కాపురం ఉంది.

డిమాండ్ ఇలా తీసుకుందాం: pᵢ = 100 − qᵢ − g·qⱼ, ఖర్చు సున్నా. g అంటే రెండు సరుకులు ఎంత దగ్గరగా ఉన్నాయో చెప్పే అంకె, సున్నా అయితే సంబంధమే లేదు, ఒకటైతే రెండూ ఒకటే సరుకు. నేను D కి నేరుగా ఫార్ములా కట్టి, g పెరిగేకొద్దీ δ* ఎలా పెరుగుతుందో గ్రాఫ్ గీసి, ‘చూశారా, సరుకులు దగ్గరయ్యేకొద్దీ కుమ్మక్కు కష్టం’ అని క్లాసులో చెప్పాను. వెనక బెంచీ అమ్మాయి లేచి, ‘సార్, g ఒకటైతే అది మామూలు బెర్ట్రాండే కదా, అక్కడ సగం కదా రావాలి, మీ గ్రాఫ్ ఒకటికి పోతోందేంటి?’ అంది. రేపు చెప్తానని తప్పించుకున్నాను.

g = 0.9 పెట్టి చూద్దాం. కుమ్మక్కు ధర 50, ఒక్కొక్కరి లాభం C = 1316. పోటీ ధర 9.09, లాభం N = 435. ఇక మాట తప్పేవాడు: ధరల్లో రాస్తే అతని డిమాండ్

```
qᵢ = (10 - pᵢ + 0.9·pⱼ) / 0.19
```

pⱼ = 50 పెట్టి గరిష్ఠం చేస్తే pᵢ = 27.5, అమ్మకం 144.7, లాభం D = 3980. δ* = 0.752. అంతా నున్నగా వచ్చింది, అవకలనం తప్పు లేదు, కూడిక తప్పు లేదు. కానీ ఆ అర నిమిషం తనిఖీ చేసి ఉంటే? 2C అంటే 2632. D దానికన్నా చాలా పెద్దది. ఎక్కడినుంచి వచ్చింది ఈ డబ్బు?

అవతలివాడి అమ్మకం కట్టండి, తెలుస్తుంది. ధర 50 దగ్గర కూర్చున్న అతని అమ్మకం (10 − 50 + 24.75)/0.19, అంటే మైనస్ 80.3. అమ్మకం మైనస్సేమిటి? గీత సమీకరణానికి సున్నా దగ్గర ఆగాలని తెలియదు, అది కిందికి పోతూనే ఉంటుంది. అవతలివాడు మైనస్ ఎనభై అమ్ముతున్నట్టు లెక్క వేసి, ఆ లేని సరుకుని మనవాడి ఖాతాలో వేసింది. మనవాడి సరుకు ఒక్కటే మార్కెట్లో ఉండి, ఉచితంగా పంచినా పోయేది 100 మాత్రమే, 144.7 అమ్మే ప్రసక్తే లేదు.

మరి సరైనది ఎంత? అవతలివాడి అమ్మకం సరిగ్గా సున్నా అయ్యే ధర దగ్గర ఆగాలి. అంతకన్నా కిందికి దిగితే కొత్తగా లాక్కోవడానికి ఎదుటివాడి దగ్గర కస్టమర్లే మిగలలేదు, మన డిమాండ్ ఇక 100 − p మాత్రమే, ఆ డిమాండ్ మీద 50 లోపు ధర తగ్గిస్తే లాభం తగ్గుతుంది. ఆ ధర 44.44. అమ్మకం 55.56, లాభం D = 2469. ఇప్పుడు 2C లోపే ఉంది. δ* = (2469 − 1316)/(2469 − 435) = 0.567. తప్పు లెక్కలో 0.752 వచ్చింది కదా, డిస్కౌంట్ ఫ్యాక్టర్ 0.65 ఉన్న మార్కెట్లో ఒక లెక్క కుమ్మక్కు నిలవదంటుంది, ఇంకోటి హాయిగా నిలుస్తుందంటుంది.

ఈ మలుపు ఎక్కడ వస్తుందంటే, g విలువ √3 − 1 దాటినప్పుడు, అంటే సుమారు 0.732. అక్కడివరకు పాత ఫార్ములా బాగానే పనిచేస్తుంది, అందుకే g = 0.5 ఉదాహరణ ఇచ్చే క్లాస్ నోట్సులో ఈ తప్పు ఎప్పటికీ బయటపడదు (అక్కడ 0.529 వస్తుంది, ఒప్పే). కంప్యూటర్లో గ్రాఫ్ గీసేవాళ్లు రెండు ముక్కలుగా రాయాలి:

```
if g <= 3**0.5 - 1:
    D = (2 - g)**2 / (16*(1 - g**2))
else:
    D = (2*g - 1) / (4*g**2)
# మన 100 డిమాండ్‌కి 10000తో గుణించాలి
```

సరిగ్గా రాశారా అని చూడటానికి, 0.732 దగ్గర రెండు ముక్కలూ ఒకే విలువ ఇవ్వాలి, మన కొలతలో 2165. ఇవ్వకపోతే ఎక్కడో చెయ్యి జారింది. ఇప్పుడు గ్రాఫ్ ఆకారమే మారిపోతుంది: సున్నా దగ్గర సగంతో మొదలై మెల్లగా ఎక్కి, g 0.8 దగ్గర 0.607 అయ్యి, 0.9కి 0.567కి దిగి, 0.99కి 0.507 అవుతుంది. అంటే గూని. పాత ఫార్ములా 0.99 దగ్గర 0.962 ఇస్తుంది. నేను క్లాసులో అన్న ‘దగ్గరయ్యేకొద్దీ కష్టం’ సగం దూరమే నిజం. మరీ దగ్గరయ్యాక పోటీ లాభం సున్నా వైపు పడిపోతుంది, కాబట్టి శిక్ష భయం బాగా పెరుగుతుంది, మాట తప్పితే వచ్చే లాభం మాత్రం గుత్తాధిపతి లాభం దగ్గర ఆగిపోతుంది.

డిమాండ్ వేరే రకమైనా, కంపెనీలు ముగ్గురైనా మలుపు ఇంకోచోట పడుతుంది, 0.732 పట్టుకుని అన్నిచోట్లా వాడకండి. మందు మాత్రం అదే: మాట తప్పిన ధర దగ్గర మిగతావాళ్ల అమ్మకం కట్టి, మైనస్ వస్తే ఆగిపోండి.

లక్షణం: δ* సరిగ్గానే ఉంది, కానీ ఎవరైనా కుమ్మక్కు కావచ్చని తేలుతోంది

తప్పు δ* లో లేదు, దాన్ని పోల్చే δ లో ఉంది. ఏడాదికి 12 శాతం వడ్డీ అని 1/1.12 = 0.893 తీసుకున్నారా, నెలకోసారి ధర మార్చే మార్కెట్టా? అప్పుడు నెలకి δ 0.99 దాటుతుంది. ఒకే రకం సరుకులో n కంపెనీలకి δ* = 1 − 1/n కాబట్టి ఏడాది లెక్కన తొమ్మిది కంపెనీల దాకా, నెల లెక్కన వంద దాటినా కుమ్మక్కు నిలుస్తుందని తేలుతుంది. పీరియడ్ అంటే ఎదుటివాడి ధర కనిపెట్టి బదులివ్వడానికి పట్టే కాలం. మాట తప్పినట్టు రెండు పీరియడ్లయ్యాకే తెలిస్తే ఇద్దరి ఆటలో షరతు δ² ≥ 1/2, అంటే 0.707.

మిగతావి అరుదు. ఎదుటివాడు ఏం చేశాడో సరిగ్గా కనపడక డిమాండ్ పడిపోయిందా, ఎవడైనా మోసం చేశాడా తెలియకపోతే అది గ్రీన్, పోర్టర్ 1984లో చూపిన వేరే ఆట, ఈ ఫార్ములా పెట్టకండి. డిమాండ్ ఎగుడుదిగుడుగా ఉంటే రోటెంబర్గ్, సలోనర్ 1986 దారి. నాష్ కన్నా కఠినమైన శిక్షలు పెడితే δ* ఇంకా కిందికి రావచ్చు, అది అబ్రూ పని. ప్రశ్నలో ఆ మాట లేకపోతే మీకు ఇవేవీ అక్కర్లేదు, తొంభై పాళ్లు మీ తప్పు D లోనే ఉంటుంది.