సింక్‌లో నీళ్లు నెమ్మదిగా పోతున్నాయా? అడ్డు ఎక్కడుందో ముందు కనిపెట్టండి

సింక్ మొత్తం ఖాళీ అయ్యాక ఒక మగ్గు నీళ్లు పోయండి. వెంటనే నిలిచిపోతే అడ్డు దగ్గర్లోనే ఉంది: జాలీలోనో, సింక్ కింద వంపు తిరిగిన ట్రాప్‌లోనో. మొదట్లో గబగబా దిగి, అర బకెట్ పోశాక పైకి తన్నుతుంటే అడ్డు ట్రాప్ దాటి, గోడలోకి వెళ్లే పైపులో ఉందని అర్థం. అక్కడిదాకా ఖాళీగా ఉన్న పైపు నిండేవరకే నీళ్లు దిగుతాయి.

వెంటనే నిలుస్తుంటే

చాలాసార్లు కారణం జిడ్డే. వేడిగా పోసిన నూనె ట్రాప్‌లో చల్లారి గడ్డకడుతుంది, మెతుకులు దానికి అంటుకుంటాయి. గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చెంచాలు వేసి, చెయ్యి పెట్టగలిగేంత వేడి నీళ్లు పోయండి. సలసల మరిగేవి వద్దు, ప్లాస్టిక్ పైపు మెత్తబడి జాయింట్లు వదులవుతాయి.

లొంగకపోతే ప్లంజర్. దాని రబ్బరు మునిగేంత నీళ్లు సింక్‌లో ఉండాలి. పక్కనే రెండో సింక్ తొట్టి గానీ, నీళ్లు పొర్లిపోకుండా పైన ఉండే రంధ్రం గానీ ఉంటే తడిగుడ్డతో గట్టిగా మూయండి. ఇది వదిలేస్తే గాలి అటునుంచి పోయి ఎంత కొట్టినా ఫలితం ఉండదు. 15, 20 సార్లు కొట్టి ఒక్కసారిగా పైకి లాగండి.

అప్పటికీ పోకపోతే కింద బకెట్ పెట్టి ట్రాప్ విప్పండి. నట్టు చేత్తోనే తిరుగుతుంది. వాషర్ ఏ వైపు ఉందో ముందే ఫోటో తీసుకోండి, తిరగేసి పెడితే కారుతుంది. పాత బ్రష్‌తో లోపల రుద్ది బిగించాక, జాయింట్ చుట్టూ పొడి కాగితం తిప్పండి. సన్న కారుడు కంటికి కనపడకపోయినా కాగితం తడిసి చెప్పేస్తుంది.

మా ఇంట్లో ట్రాప్ విప్పితే లోపల శుభ్రంగానే ఉంది. తప్పు దాని తర్వాతి ముడతల పైపుది. అది మధ్యలో ఊయలలా వేలాడుతోంది, ఆ పల్లంలో ప్రతి ముడతలోనూ తెల్లటి జిడ్డు పేరుకుంది. పైపు కడిగి, ఎక్కువైన పొడవు కోసి, గోడవైపు వాలుండేలా బిగించాం. తర్వాత మళ్లీ నిలవలేదు.

యాసిడ్, డ్రెయిన్ పొడి

నేనైతే వాడొద్దనే అంటాను. పోశాక ప్లంజర్ కొడితే అది ముఖం మీదకి చిందుతుంది. యాసిడ్‌కి బ్లీచింగ్ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, అది ఊపిరితిత్తులకు ప్రమాదం.

ప్లంబర్‌ని ఎప్పుడు పిలవాలి?

ట్రాప్ శుభ్రంగా ఉన్నా అర బకెట్ తర్వాత నీళ్లు నిలుస్తుంటే పిలవండి. గోడలోని పైపులోకి పొడవాటి స్ప్రింగు తీగ తోయాలి. సింక్‌లో నీళ్లు వదిలినప్పుడు బాత్రూమ్ జాలీలో గుడగుడ వినిపించినా, నీళ్లు అక్కడ పైకొచ్చినా మెయిన్ లైన్ మూసుకుందన్నమాట. అప్పుడు కుళాయిలు కట్టేసి ఫోన్ చేయండి. ఇప్పటికే యాసిడ్ పోసి ఉంటే, ఆయన పైపు మీద చెయ్యి వేయకముందే ఆ మాట చెప్పండి.