రిమాండ్‌లో ఉన్న మనిషి కోసం రోజులు లెక్కపెట్టేటప్పుడు జాగ్రత్తలు

ఇంట్లో ఒకరు అరెస్టయితే అందరి టెన్షన్ బెయిల్ గురించే. కానీ మొదటి రోజు నుంచే క్యాలెండర్ మీద గుర్తులు పెట్టుకోవడం మరిచిపోవద్దు.

అరెస్టు చేసిన 24 గంటల్లోపు, ప్రయాణ సమయం తీసేసి, మెజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి. అక్కడ జ్యుడీషియల్ కస్టడీ అంటే మనిషిని జైలుకు పంపుతారు, పోలీసులు తమ ఇష్టానికి విచారించలేరు. పోలీస్ కస్టడీ అంటే విచారణ కోసం వాళ్ల చేతికే అప్పగిస్తారు. ఒత్తిడి, భయం ఎక్కువ ఇక్కడే. అందుకే చట్టం దీన్ని మొత్తం 15 రోజులకే పరిమితం చేసింది.

ఈ 15 రోజులూ రిమాండ్ మొదలైన తొలి 15 రోజుల్లోనే అయిపోతాయన్నది పాత లెక్క. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత, సెక్షన్ 187 ప్రకారం, వాటిని ముక్కలుగా కూడా అడగవచ్చు. ఛార్జిషీట్ వేయడానికి 60 రోజుల గడువున్న కేసుల్లో మొదటి 40 రోజుల్లో, 90 రోజుల కేసుల్లో మొదటి 60 రోజుల్లో ఎప్పుడైనా. జైలుకు వెళ్లి నెల గడిచింది కదా, ఇక ఇంటరాగేషన్ ఉండదని ధీమాగా ఉండకండి. కస్టడీ పిటిషన్ వేశారా అని లాయర్‌ని అడుగుతూ ఉండండి. పోలీస్ కస్టడీ ఇచ్చే ప్రతిసారీ నిందితుణ్ని స్వయంగా కోర్టుకు తేవాలి, వీడియోలో చూపిస్తే చాలదు. దెబ్బలు తగిలినా, బెదిరింపులు వచ్చినా మెజిస్ట్రేట్‌కి అక్కడికక్కడే చెప్పాలి.

అసలు గడువు ఛార్జిషీట్‌ది. ఏడేళ్ల వరకు శిక్ష పడే చీటింగ్ కేసు అనుకుందాం, గడువు 60 రోజులు. జూలై 1 సాయంత్రం అరెస్టు, 2న రిమాండ్. లెక్క అరెస్టు రోజు నుంచి కాదు, రిమాండ్ రోజు నుంచి, ఆ రోజునూ కలిపి. కపిల్ వాధ్వాన్ కేసులో సుప్రీంకోర్టు 2023లో ఇదే చెప్పింది. జూలైలో 30, ఆగస్టులో 30, అంటే ఆగస్టు 30తో 60 నిండుతాయి. అప్పటికి ఛార్జిషీట్ పడకపోతే ఆగస్టు 31న డిఫాల్ట్ బెయిల్ హక్కు వస్తుంది. కేసు బలంగా ఉందా లేదా అన్న ప్రశ్నే ఇక్కడ రాదు.

చాలామంది దెబ్బతినేది ఇక్కడే. ఆ హక్కు దానంతట అది తలుపు తీయదు, అడగాలి. 31న పిటిషన్ వేయకుండా ఊరుకుంటే, మర్నాడు పోలీసులు ఛార్జిషీట్ వేసేస్తే హక్కు పోయినట్లే. పిటిషన్ ముందు పడితే, తర్వాత ఛార్జిషీట్ వచ్చినా హక్కు నిలుస్తుంది. కాబట్టి పిటిషన్ ఒకరోజు ముందే సిద్ధం చేయించండి, పడగానే తేదీ, సమయం ఉన్న రశీదు తీసుకోండి. ష్యూరిటీలను కూడా ముందే మాట్లాడి పెట్టుకోండి. బెయిల్ ఇచ్చాక కోర్టు చెప్పిన గడువులో పూచీకత్తు కట్టలేక, ఈలోగా ఛార్జిషీట్ పడితే మళ్లీ మొదటికే వస్తారు.

ప్రత్యేక చట్టాల్లో ఈ గడువు ఇంకా పెరుగుతుంది: ఉగ్రవాద కేసులకు వాడే ఉపాలో 180 రోజుల వరకు, మాదకద్రవ్యాల చట్టంలో ఏడాది వరకు కూడా వెళ్లవచ్చు. అలాంటి కేసైతే ఏ సెక్షన్లు పెట్టారో రిమాండ్ రిపోర్టులో చూసి, లెక్క లాయర్ చేతే వేయించండి.