పాడి యూనిట్ లోన్ ప్రపోజల్: లాభం లెక్క, వాయిదా కట్టే స్తోమత ఎలా చూపించాలి

నాలుగు ఆవుల యూనిట్‌కి లోన్ కావాలని వెళ్తే బ్యాంకు అడిగే కాగితాల్లో చాలామందికి టెన్షన్ పెట్టేది ప్రాజెక్ట్ రిపోర్టే. అందులో కొటేషన్లు, పొలం కాగితాలు సులువుగానే అయిపోతాయి, ఫైలు ఆగిపోయేది మాత్రం అంచనా లాభనష్టాల పట్టిక దగ్గర. ఒక ఉదాహరణతో చూద్దాం. రేట్లు లెక్క కోసం వేసుకున్నవే, మీ దగ్గర ఎంత ఉంటే అంత వేసుకోండి.

ఆవులు, షెడ్డు, పరికరాలు, మొదటి విడత దాణా అన్నీ కలిపి ఖర్చు 4 లక్షలు, అందులో మన వాటా 60,000, లోన్ 3,40,000, వడ్డీ 11 శాతం, 5 ఏళ్ల వాయిదాలు అనుకుందాం.

ముందు పాలు. రోజుకి 10 లీటర్లు, నాలుగు ఆవులు, 365 రోజులు అని గుణించేసి 14,600 లీటర్లు రాస్తే, ఆ కాగితం చూసిన ఫీల్డ్ ఆఫీసర్‌కి ఇది ఎవరో కూర్చుని నింపిందని వెంటనే తెలిసిపోతుంది. ఆవు ఈనిన తర్వాత సుమారు 300 రోజులు పాలిస్తుంది, మళ్లీ ఈనేదాకా ఓ వంద రోజులు ఒట్టిపోయి ఉంటుంది, కాబట్టి సగటున ఏడాదికి 270 పాల రోజులే పట్టుకోండి. అప్పుడు 10,800 లీటర్లు. ఈ 10 లీటర్లు కూడా దూడ తాగేవి, ఇంట్లో వాడుకునేవి పోను పాల కేంద్రానికి పోసేవే అయి ఉండాలి. లీటరు 40 చొప్పున 4,32,000, పేడ మీద 8,000, మొత్తం 4,40,000.

ఖర్చులో ఎక్కువ భాగం దాణాదే. పాలిచ్చే ఆవుకి రోజుకి ఐదున్నర కిలోలు, ఒట్టిపోయినదానికి 2 కిలోలు, కిలో 26 చొప్పున ఏడాదికి దాదాపు 1,74,200 అవుతుంది. ఒట్టిపోయిన రోజుల మేపు రాయకుండా వదిలేయకండి, అది కనబడకపోతే మిగతా లెక్కను కూడా నమ్మరు. పచ్చిమేత, ఎండుమేత 65,700, మందులు, ఇన్సూరెన్స్, కరెంటు వగైరా 33,600. అన్నీ పోను 1,66,500 మిగులు.

ఇందులో మొదటి ఏడాది వడ్డీ 37,400, తరుగుదల 40,000 తీసేస్తే నికర లాభం 89,100. కట్టాల్సింది అసలు 68,000, వడ్డీతో కలిపి 1,05,400. లాభం కంటే వాయిదాలే ఎక్కువ కదా అని ఇక్కడ భయపడతారు. అవసరం లేదు. తరుగుదల చేతి నుంచి పోయే డబ్బు కాదు, వడ్డీ వాయిదాలో ఎలాగూ ఉంది, అందుకే రెండింటినీ తిరిగి కలుపుతారు:

(నికర లాభం + తరుగుదల + వడ్డీ) ÷ (అసలు + వడ్డీ) = 1,66,500 ÷ 1,05,400 = 1.58

దీన్నే డీఎస్‌సీఆర్, అంటే వాయిదా కట్టే స్తోమతను చూపే నిష్పత్తి అంటారు, 1.5 దగ్గర ఉంటే సాధారణంగా బాగుందనే చూస్తారు. కానీ ఇది కాగితం మీద మాట. ఇంటి ఖర్చులు కూడా ఈ పాల మీదే నడవాలంటే, నెలకి 5,000 తీసినా మిగిలేది 1,06,500, అంటే వాయిదాలకి సరిగ్గా సరిపోతుంది, ఒక్క ఆవు జబ్బు పడినా వాయిదా తప్పుతుంది. అదే గడువు 7 ఏళ్లు అడిగితే మొదటి ఏడాది కట్టాల్సింది 86,000కి దిగుతుంది, ఇంటి ఖర్చు పోయాక కూడా నిష్పత్తి 1.24 ఉంటుంది. వడ్డీ మొత్తం మీద ఎక్కువ కడతారు నిజమే, అయినా పాలు తప్ప వేరే ఆదాయం లేని ఇంటికి నేనైతే ఇదే మంచిదంటాను. వేరే ఆదాయం ఉంటే మాత్రం దాని రుజువు జత చేయండి.

ఇంకొక సంగతి ఏడాది లెక్కలో అసలు కనబడదు. నాలుగు ఆవులనీ ఒకేసారి కొంటే నాలుగూ ఇంచుమించు ఒకేసారి ఒట్టిపోతాయి. అప్పుడు పాల బిల్లు సున్నా, మేపు, మిగతా ఖర్చులు కలిపి నెలకి 14,400, పైన వాయిదా 8,800, ఇలా మూడు నెలలు. అందుకే రెండు ఇప్పుడు, ఇంకో రెండు ఆరు నెలల తర్వాత కొంటామని ప్రపోజల్‌లోనే రాయండి, లోన్ కూడా రెండు విడతల్లో ఇమ్మని అడగండి. అలా చేసినా రెండు ఒట్టిపోయిన నెలల్లో ఖర్చులు పోను చేతికొచ్చేది 4,100 మాత్రమే, నాలుగూ పాలిచ్చే నెలల్లో 22,600 దాకా మిగులుతుంది. ఆ మిగులులోంచే తక్కువ నెలలకి పక్కన పెడతామని, ఏ నెలలో ఎన్ని ఆవులు పాల మీద ఉంటాయో చూపించే చార్టు ఒక పేజీ జత చేయండి. బ్యాంకు ఒప్పుకుంటే నెల వాయిదాలనే పాల బిల్లు జమయ్యే ఖాతా నుంచి పట్టుకునేలా రాసివ్వొచ్చు.

జత చేసేవాటిలో ఇప్పటికే పాలు పోస్తున్నవాళ్లకి కేంద్రం ఇచ్చిన పాత బిల్లులు అన్నిటికంటే పనికొస్తాయి, లీటర్లు, రేటు రెండూ వాటిలోనే ఉంటాయి కాబట్టి మీరు వేసిన 40కి అదే ఆధారం. రేటు 36కి పడితే ఏమవుతుందని మేనేజర్ అడగొచ్చు. మిగులు 1,23,300కి, నిష్పత్తి 1.17కి తగ్గుతుంది, ఆ లెక్క కూడా ముందే కింద ఒక వరసలో వేసి తీసుకెళ్లండి.